సీసీటీవీ స్టిల్‌కి 78 శాతం మ్యాచ్ వచ్చింది, నమ్మవచ్చా?

శ్రీధర్_గోడౌన్ · సోమవారం, రాత్రి 9:12

అందరికీ నమస్కారం. నాలుగు రోజులుగా ఒక విషయం మనసును తొలుస్తోంది, సలహా చెప్పండి.

పోయిన వారం రాత్రి మా గోడౌన్‌లో రెండు అట్టపెట్టెలు పోయాయి. పక్క తలుపు దగ్గరున్న కెమెరాలో ఒకతను పెట్టె మోసుకుంటూ వెళ్ళడం కనిపించింది. టోపీ పెట్టుకున్నాడు, తల కాస్త వంచి ఉన్నాడు. ఆ స్టిల్‌ను మా అకౌంట్స్ చూసే కుర్రాడు ముఖాలు పోల్చే సాఫ్ట్‌వేర్‌లో వేశాడు. ఇక్కడ పనిచేస్తున్నవాళ్ళవి, పనిచేసి మానేసినవాళ్ళవి ఐడీ కార్డు ఫోటోలు ఓ అరవై దాకా ఉన్నాయి. వాటన్నిటితో పోల్చి చూస్తే ఆరు నెలల కిందట మానేసిన ఒకతని పేరు మొదట వచ్చింది. 78 శాతం అని చూపిస్తోంది. రెండో పేరుకు 71.

మా పార్ట్‌నర్ నాగేశ్ "ఇంకేం కావాలి, అతనే" అంటున్నాడు. నాకు మనసొప్పడం లేదు. ఆ అబ్బాయి రెండేళ్ళు మా దగ్గర పనిచేశాడు, ఒక్కరి చేత మాట పడలేదు. 78 శాతం అంటే నూటికి 78 పాళ్ళు అతనే అని అర్థమా?

కెమెరా_కిరణ్ · సోమవారం, రాత్రి 9:40

శ్రీధర్ గారూ, నేను కెమెరాలు బిగించే పనిలో ఉన్నాను. ముందు మీ కెమెరా ఎన్ని మెగాపిక్సెల్స్, లెన్స్ ఎంత, ఎంత ఎత్తులో ఉంది చెప్పండి. 2 మెగాపిక్సెల్ అయితే రాత్రిపూట ముఖం రావడం కష్టమే. 8 మెగాపిక్సెల్ పెట్టి ఉంటే ఈ టెన్షనే ఉండేది కాదు.

ఇప్పటికి మాత్రం ఆ స్టిల్‌ను ఫోటో క్లియర్ చేసే యాప్‌లో వేసి, ముఖం స్పష్టంగా వచ్చాక మళ్ళీ పోల్చి చూడండి. 90 దాటితే అతనే అనుకోవచ్చు.

పద్మజ_వి · సోమవారం, రాత్రి 10:25

శ్రీధర్ గారూ, దయచేసి ఆ క్లియర్ చేసే యాప్ జోలికి మాత్రం వెళ్ళకండి. పదకొండేళ్ళు వీడియో ఫోరెన్సిక్ ల్యాబ్‌లో పనిచేశాను, అందుకే ఇంత గట్టిగా చెబుతున్నాను. ఆ యాప్‌లు లేని వివరాన్ని బయటికి తీయవు. తాము చూసి నేర్చుకున్న వేల ముఖాల్లోంచి, ఈ మసక మచ్చకు సరిపోయే కళ్ళు, ముక్కు తెచ్చి అతికిస్తాయి. 2020లో డ్యూక్ యూనివర్సిటీ వాళ్ళు విడుదల చేసిన PULSE అనే పద్ధతి గురించి చాలామంది వినే ఉంటారు. బాగా చిన్నది చేసిన ఒబామా ఫోటో ఇస్తే అది ఒక తెల్లజాతి మనిషి ముఖాన్ని గీసి ఇచ్చింది. చక్కటి, స్పష్టమైన ముఖం. కాకపోతే ఇంకెవరిదో. మీరు అలా గీసిన ముఖాన్ని పోల్చి 90 తెచ్చుకున్నా, మీ గోడౌన్‌లోకి వచ్చిన మనిషి గురించి అది ఏమీ చెప్పదు.

ఇక మీ ప్రశ్న. 78 అంటే నూటికి 78 పాళ్ళు అతనే అని కాదు. సాఫ్ట్‌వేర్ ఒక్కో ముఖాన్ని కొన్ని వందల అంకెల వరుసగా మారుస్తుంది. రెండు వరుసలు ఎంత దగ్గరగా ఉన్నాయో కొలుస్తుంది. ఆ దగ్గరతనాన్ని చూసేవాళ్ళకు తేలికగా ఉంటుందని 0 నుంచి 100 లోపు స్కేలు మీద చూపిస్తుంది. ఏ అంకె దాటితే "ఒకే మనిషి" అనాలన్నది మంచి వెలుతురులో, ఎదురుగా తీసిన ఫోటోల మీద పరీక్షించి పెట్టుకున్న హద్దు. మీ స్టిల్ ఆ రకం ఫోటో కాకపోతే ఆ హద్దు మీకు వర్తించదు.

కాబట్టి ముందు ఆ స్టిల్‌లో అసలు ముఖం ఎంత ఉందో చూద్దాం. మూడు విషయాలు చెప్పండి. స్టిల్‌ను ఎలా తీశారు? కెమెరా నేల నుంచి ఎంత ఎత్తులో ఉంది? అతను నడిచిన చోట, ముఖం ఎత్తులో, ఎవరితోనైనా ఒక మీటరు కర్రను కెమెరా వైపు అడ్డంగా పట్టుకోబెట్టి, రికార్డింగ్‌లో ఆ కర్ర ఎన్ని పిక్సెల్స్ పొడవు వస్తుందో లెక్కపెట్టగలరా?

సుబ్బలక్ష్మి_ఆర్ · సోమవారం, రాత్రి 10:51

మా ఆఫీసులో హాజరు మెషీన్ చీకట్లో కూడా నన్ను గుర్తుపడుతుంది, కళ్ళజోడు ఉన్నా లేకపోయినా. టెక్నాలజీ అంత ముందుకు పోయింది. మీ కుర్రాడు వాడింది ఏదో నాసిరకం సాఫ్ట్‌వేర్ అయ్యుంటుందండి. మంచిది కొంటే సరి.

పద్మజ_వి · సోమవారం, రాత్రి 11:03

సుబ్బలక్ష్మి గారూ, ఆ మెషీన్ ముందు మీరు అర మీటరు దూరంలో నిలబడి, దాని వైపే చూస్తారు. అది మీ మొహం మీద తన సొంత ఇన్‌ఫ్రారెడ్ వెలుతురు వేసుకుంటుంది. సరిగ్గా రాకపోతే ఇంకోసారి చూడమంటుంది. గోడౌన్‌లో పెట్టె మోస్తున్న మనిషి ఇవేవీ చేయడు. ఎంత ఖరీదైన సాఫ్ట్‌వేర్ అయినా దానికి అందే పిక్సెల్స్ మాత్రం ఇవే.

శ్రీధర్_గోడౌన్ · మంగళవారం, ఉదయం 11:30

పొద్దున్నే కొలిచాను మేడమ్. కెమెరా 2 మెగాపిక్సెల్, 1920 × 1080. లెన్స్ 2.8 ఎంఎం అని డబ్బా మీద ఉంది. ఎత్తు 3.2 మీటర్లు. అతను కనిపించిన చోటు కెమెరా కింది నుంచి సుమారు 6 మీటర్లు. మీటరు కర్ర 118 పిక్సెల్స్ వచ్చింది.

స్టిల్ మాత్రం నేను ఫోన్‌లో కెమెరా యాప్ తెరిచి, పాత రికార్డింగ్ పెట్టి, వేళ్ళతో జూమ్ చేసి స్క్రీన్‌షాట్ తీశాను. దాన్ని మెసేజ్‌లో కుర్రాడికి పంపాను. ఫైల్ చూస్తే ముఖం పెద్దగానే ఉంది, అడ్డంగా 200 పిక్సెల్స్ పైనే.

పద్మజ_వి · మంగళవారం, మధ్యాహ్నం 1:15

చాలా మంచి పని చేశారు, ఆ కర్ర లెక్కతో సగం విషయం తేలిపోతుంది.

పెద్దవాళ్ళ రెండు కనుపాపల మధ్య దూరం సగటున 63 మిల్లీమీటర్లు ఉంటుంది. మీటరుకు 118 పిక్సెల్స్ అంటే మీ అసలు రికార్డింగ్‌లో అతని రెండు కళ్ళ మధ్య సుమారు 7 పిక్సెల్స్ ఉన్నాయి. ముఖం మొత్తం వెడల్పు 18 పిక్సెల్స్ లోపే. పాస్‌పోర్ట్ ఫోటోల ప్రమాణంలో కళ్ళ మధ్య కనీసం 90 పిక్సెల్స్ ఉండాలి. మీ ఐడీ కార్డు ఫోటోల్లో బహుశా అంతకన్నా ఎక్కువే ఉంటాయి. అంటే 90ని, 7ని పక్కపక్కన పెట్టి పోలుస్తున్నాం.

కానీ మీ కుర్రాడికి చేరింది ఆ 7 కూడా కాదేమో. ఫోన్ యాప్‌లు సాధారణంగా నెట్ తక్కువ ఖర్చు కావాలని సబ్ స్ట్రీమ్ అనే చిన్న సైజు వీడియో చూపిస్తాయి. అది చాలా రికార్డర్లలో 640 × 360. మీది అదే అయితే కళ్ళ మధ్య దూరం మూడో వంతుకు, అంటే రెండున్నర పిక్సెల్స్‌కు పడిపోయింది. స్క్రీన్‌షాట్‌లో 200 పిక్సెల్స్ కనిపిస్తున్నాయంటే అది మీ ఫోన్ తెర లెక్క, కెమెరా లెక్క కాదు. గుప్పెడు పిండిని ఎంత పెద్ద పళ్ళెంలో పరిచినా గుప్పెడే కదా.

ఆ ఏడు పిక్సెల్స్‌తో సాఫ్ట్‌వేర్ ఏం చేస్తుందో కూడా చూడండి. ముఖాలు పోల్చడానికి ఇవాళ వాడే మోడల్స్‌లో చాలావాటికి ముఖాన్ని 112 × 112 సైజులో ఇవ్వాలి. 18 పిక్సెల్స్ ముఖాన్ని ఆరు రెట్లు సాగదీసి ఇస్తారు. అంతకుముందే కళ్ళు, ముక్కు కొన, పెదవుల చివరలు ఎక్కడున్నాయో వెతికి, వాటిని బట్టి ముఖాన్ని నిటారుగా సర్దుతారు. కళ్ళ మధ్య 90 పిక్సెల్స్ ఉన్నప్పుడు ఒక కన్ను చోటు ఒక పిక్సెల్ తప్పు పడితే ఏమీ కాదు. 7 ఉన్నప్పుడు అదే ఒక్క పిక్సెల్ తప్పుతో ముఖం 8 డిగ్రీలు పక్కకు ఒరిగిపోతుంది. ఇక ఆ తర్వాత లెక్కంతా ఒరిగిన ముఖం మీదే.

కెమెరా_కిరణ్ · మంగళవారం, మధ్యాహ్నం 2:02

మేడమ్, మీ లెక్క సరైనదే. మాకు డిజైన్ చేసేటప్పుడు ఐఈసీ 62676-4 ప్రమాణం చూడమంటారు. దాని 2014 కూర్పులో తెలిసిన మనిషిని గుర్తుపట్టడానికి మీటరుకు 125 పిక్సెల్స్, తెలియని మనిషి ఎవరో తేల్చడానికి 250. శ్రీధర్ గారి 118 మొదటిదానికి కూడా కొద్దిలో తప్పింది. నేను చెప్పేదీ అదే, 8 మెగాపిక్సెల్ పెడితే అడ్డంగా 3840 పిక్సెల్స్, 118 కాస్తా 236 అవుతుంది. సమస్య తీరిపోయినట్టే.

పద్మజ_వి · మంగళవారం, మధ్యాహ్నం 2:48

కిరణ్ గారూ, ఆ అంకెలు మీరు సరిగ్గానే చెప్పారు. కానీ ఆ ప్రమాణం మనిషి కంటితో చూసేవాళ్ళ కోసం. 250 దగ్గర కూడా కళ్ళ మధ్య 16 పిక్సెల్స్ దాకా మాత్రమే వస్తాయి, సాఫ్ట్‌వేర్‌కు అది ఇంకా ఇరుకే. పైగా పిక్సెల్స్ రెట్టింపు చేస్తే కోణం మారదు.

శ్రీధర్ గారి కెమెరా 3.2 మీటర్ల ఎత్తులో ఉంది, మనిషి ముఖం సుమారు 1.6 దగ్గర. 6 మీటర్ల దూరంలో కెమెరా ఆ ముఖాన్ని 15 డిగ్రీల పైనుంచి చూస్తుంది. అది భరించదగ్గదే. కానీ అతను పెట్టె వైపు తల వంచాడు, అది ఇంకో 20 డిగ్రీలు అనుకోండి. మొత్తం 35. ఆ కోణంలో నుదురు పెద్దదవుతుంది, గడ్డం కుదించుకుపోతుంది, ముక్కు పైపెదవిని కప్పేస్తుంది, కనుబొమలు కళ్ళ మీదికి దిగుతాయి. టోపీ అంచు ఉంటే కళ్ళే ఉండవు. ఐడీ కార్డు ఫోటోలో ఉన్నది ఎదుటి ముఖం. ఈ రెండిట్లో ఉమ్మడిగా కనిపించే భాగమే తక్కువ.

పిక్సెల్స్ కావాలని మనిషి దగ్గరికి వచ్చేదాకా ఆగితే ఇంకో చిక్కు. అదే మనిషి కెమెరాకు 2 మీటర్ల దూరంలో ఉన్నప్పుడు మీటరుకు 280 పైనే పిక్సెల్స్ వస్తాయి. కానీ కోణం 39 డిగ్రీలకు చేరుతుంది, తల నిటారుగా ఉన్నా సరే. దూరంగా ఉంటే ముఖం చిన్నది, దగ్గరికి వస్తే నడినెత్తి. మధ్యలో ఎక్కడో ఒకటి రెండు అడుగుల మేర మాత్రమే రెండూ ఓ మాదిరిగా కుదురుతాయి.

కెమెరా_కిరణ్ · మంగళవారం, మధ్యాహ్నం 3:20

ఒప్పుకుంటాను, కోణం గురించి నేను అంత ఆలోచించలేదు. కానీ కెమెరాను కిందికి దించమంటే కస్టమర్లు ఒప్పుకోరు మేడమ్. చేతికి అందే ఎత్తులో పెడితే తిప్పేస్తారు, పగలగొడతారు. నేను 3 మీటర్ల లోపు ఎప్పుడూ పెట్టను.

పద్మజ_వి · మంగళవారం, మధ్యాహ్నం 3:41

మీ భయం న్యాయమైనదే. అయితే అన్ని కెమెరాలూ ముఖం కోసం కాదు కదా. పైనున్నది ఏం జరిగిందో చూపించడానికి ఉండనివ్వండి. మనిషి తప్పకుండా దాటాల్సిన ఒక్క గుమ్మం దగ్గర, దూరంగా, పొడుగు లెన్స్‌తో, ముఖం ఎత్తుకు దగ్గరగా ఇంకొకటి పెడితే కోణమూ తగ్గుతుంది, పిక్సెల్స్ కూడా పెరుగుతాయి. పగలగొడతారన్న మాటకు మాత్రం నా దగ్గర పూర్తి జవాబు లేదు.

నాగేశ్_పార్ట్‌నర్ · మంగళవారం, సాయంత్రం 6:10

నేనే ఆ నాగేశ్‌ని. శ్రీధర్ లింకు పంపితే అంతా చదివాను. పిక్సెల్స్ సంగతి నాకు తెలియదు కానీ ఆ అబ్బాయిని నేను రెండేళ్ళు రోజూ చూశాను. వీడియో చూడగానే నడక, భుజాలు, ఆ టోపీ, అన్నీ అతనివే అనిపించాయి. మెషీన్ కూడా అదే పేరు చెప్పింది. మనిషీ మెషీనూ ఒకే మాట చెబుతుంటే ఇంకా అనుమానం ఎందుకు?

పద్మజ_వి · మంగళవారం, సాయంత్రం 7:05

నాగేశ్ గారూ, మీ మాటను నేను తీసిపారేయను. బాగా తెలిసినవాళ్ళను మసక వీడియోలో కూడా మనిషి గుర్తుపడతాడు. 1999లో గ్లాస్గోలో చేసిన ఒక ప్రసిద్ధ ప్రయోగం ఉంది. లెక్చరర్లు నడిచి వెళ్తున్న నాసిరకం సీసీటీవీ వీడియోలను మూడు రకాల వాళ్ళకు చూపించారు. వాళ్ళ దగ్గర చదువుకున్న విద్యార్థులు దాదాపుగా తప్పు లేకుండా గుర్తుపట్టారు. వాళ్ళెవరో తెలియని విద్యార్థులు బాగా తడబడ్డారు. పోలీసులు కూడా ఆ తెలియనివాళ్ళ కన్నా మెరుగ్గా చేయలేకపోయారు. ఇంకో సంగతి, గుర్తుపట్టినవాళ్ళు నడకను బట్టి కాదు, ప్రధానంగా ముఖాన్ని బట్టే గుర్తుపట్టారు.

నా ప్రశ్న ఒక్కటే. మీరు వీడియో చూసింది సాఫ్ట్‌వేర్ ఆ పేరు చెప్పకముందా, చెప్పిన తర్వాతా?

నాగేశ్_పార్ట్‌నర్ · మంగళవారం, సాయంత్రం 7:30

మొదటిసారి చూసినప్పుడు ఎవరో తెలియలేదు. పేరు వచ్చాక మళ్ళీ చూశాను. అప్పుడు అతనే అనిపించింది.

రఘు_అడ్వకేట్ · మంగళవారం, రాత్రి 8:15

ఈ ఒక్క జవాబు చాలా ముఖ్యం. నాగేశ్ గారు నిజాయితీగా చెప్పినందుకు సంతోషం.

ఇదే వరుసలో జరిగిన కేసు ఒకటి చెబుతాను. అమెరికాలోని డెట్రాయిట్‌లో 2018లో ఒక షాపులో వాచీలు పోయాయి. సీసీటీవీలోంచి తీసిన మసక స్టిల్‌ను పోలీసులు ముఖాల డేటాబేస్‌తో పోల్చారు. ఒకతని పాత డ్రైవింగ్ లైసెన్స్ ఫోటో జాబితాలో వచ్చింది. తర్వాత ఆ ఫోటోను మరికొన్ని ఫోటోలతో కలిపి షాపు భద్రత చూసే కాంట్రాక్టు ఉద్యోగికి చూపించారు. ఆ ఉద్యోగి దొంగతనాన్ని కళ్ళారా చూడలేదు, అదే వీడియో చూశారు. అతన్నే చూపించారు. 2020 జనవరిలో భార్యాపిల్లల ముందే ఆ మనిషిని అరెస్టు చేశారు. అతను కాదని తర్వాత తేలింది. 2024లో రాజీ కుదిరినప్పుడు, సాఫ్ట్‌వేర్ ఇచ్చిన పేరును బట్టీ, దాని వెంటనే పెట్టిన ఫోటో గుర్తింపును బట్టీ మాత్రమే అరెస్టు చేయకూడదని అక్కడి పోలీసులు ఒప్పుకున్నారు.

సాఫ్ట్‌వేర్ తనకు దగ్గరగా కనిపించిన ముఖాన్ని ఎంచి ఇస్తుంది. మనిషికి కూడా అదే ముఖం దగ్గరగా కనిపించడంలో వింతేముంది? దాన్ని రెండో సాక్ష్యం అనడానికి లేదు, మొదటిదే ఇంకోసారి వచ్చింది.

శ్రీధర్_గోడౌన్ · మంగళవారం, రాత్రి 9:00

చదువుతుంటే ఒళ్ళు జలదరించింది. అయితే పద్మజ గారూ, పిక్సెల్స్ తక్కువైతే మ్యాచ్ రాకుండా పోవాలి కదా? రానప్పుడు "తెలియదు" అనాలి. లేని పోలిక 78 దాకా ఎలా వచ్చింది?

పద్మజ_వి · మంగళవారం, రాత్రి 9:50

చాలామంది ఇక్కడే పొరబడతారు శ్రీధర్ గారూ. నేనూ మొదట్లో పొరబడ్డాను.

మసక ముఖంలో పోయేది ఏమిటి? ఆ మనిషికే ప్రత్యేకమైనవి. కనురెప్ప మడత, ముక్కుపుటాల అంచు, పెదవి వంపు. మిగిలేది ఏమిటి? మచ్చల్లాంటి రెండు కళ్ళు, కింద ఒక నీడ, చుట్టూ ఒక గుండ్రని ఆకారం. అది అందరికీ ఉన్నదే. అందుకని మసక ముఖాల అంకెల వరుసలు ఒక మూలకు చేరి, ఒకదానికొకటి దగ్గరైపోతాయి. మీ ఐడీ కార్డు ఫోటోల్లో కూడా కొన్ని కాస్త మసకగా, వెలుతురు తక్కువగా వచ్చినవి ఉంటాయి. అవి ఆ మూలకు దగ్గరగా ఉంటాయి కనుక ఎవరి మసక స్టిల్ వేసినా అవే పైకి రావచ్చు. ఆ అబ్బాయి ఫోటో ఎలా ఉందో ఒకసారి చూడండి.

ఇక "తెలియదు" అనే మాట. అరవై ఫోటోల్లో దగ్గరిది ఏదని అడిగితే సాఫ్ట్‌వేర్ ఏదో ఒకటి మొదట చూపించాల్సిందే. అసలు మనిషి ఆ అరవైలో లేకపోయినా ఒకరు మొదటి స్థానంలో ఉంటారు. వచ్చినవాడు మీ దగ్గర ఎప్పుడూ పనిచేయని మనిషి కావచ్చు కదా.

కంప్రెషన్ సంగతి కూడా ఇక్కడే చెబుతాను. మీ రికార్డర్‌లో హెచ్.264 ఉందనుకుంటాను. అది చిత్రాన్ని 16 × 16 పిక్సెల్స్ గళ్ళుగా విడగొట్టుకుని, ఒక్కో గడిలో సన్నటి వివరాన్ని ముందుగా పారేస్తుంది. మీ స్టిల్‌లో ముఖం మొత్తం 18 పిక్సెల్స్, అంటే దాదాపు ఒక్క గడి. కన్ను, కనుబొమ, టోపీ నీడ అన్నీ ఆ గడిలోనే కలిసిపోతాయి. రంగును ఇంకా ముతకగా, అడ్డం నిలువు సగం సగం పిక్సెల్స్‌తో నిల్వ చేస్తుంది. పైగా గడుల అంచుల దగ్గర లేని గీతలు పుడతాయి, సాఫ్ట్‌వేర్ వాటిని ముఖం గీతలే అనుకుంటుంది. ఆ తర్వాత మీ స్క్రీన్‌షాట్, ఆపైన మెసేజింగ్ యాప్ మరోసారి కంప్రెస్ చేసిన జేపెగ్. ప్రతి మెట్టులోనూ కొంత పోతుంది, కొంత కొత్తగా పుడుతుంది.

రాత్రి కావడంతో ఇంకొకటి తోడైంది. షట్టర్ సెకనులో 25వ వంతు తెరిచి ఉంటే, మామూలుగా నడిచే మనిషి ఆ కాసేపట్లో 5 సెంటీమీటర్ల పైనే కదులుతాడు. పక్కకు నడుస్తుంటే మీ లెక్కలో అది 6 పిక్సెల్స్, కళ్ళ మధ్య దూరమంత. ఒక కన్ను జారి రెండో కంటి దాకా పోయిందన్నమాట.

రఘు_అడ్వకేట్ · మంగళవారం, రాత్రి 10:12

ఇది వాళ్ళకు వాళ్ళే పరీక్షించుకోగల మార్గం ఏదైనా ఉందా మేడమ్? మాటల్లో చెబితే నాగేశ్ గారిలాంటి వాళ్ళకు నమ్మకం కుదరదు.

పద్మజ_వి · మంగళవారం, రాత్రి 10:40

ఉంది. పెద్ద ఖర్చు కూడా లేదు. ముందు రికార్డర్‌లోకి వెళ్ళి పూర్తి సైజులో ఉండే మెయిన్ స్ట్రీమ్ రికార్డింగ్‌నే పెన్‌డ్రైవ్‌లోకి ఎక్స్‌పోర్ట్ చేయండి. రికార్డర్ సొంత ఫార్మాట్‌లో ఇస్తే అదీ, మామూలు వీడియోగా ఇస్తే అదీ, రెండూ దాచండి. ఇవాళే చేయండి, డిస్క్ నిండితే పాతది చెరిగిపోతుంది. స్టిల్స్‌ను మాత్రం స్క్రీన్‌షాట్ కాకుండా ffmpeg అనే ప్రోగ్రామ్‌తో ఇలా తీయండి, 00:14:05 చోట మీ క్లిప్‌లో అతను కనిపించడం మొదలైన సమయం పెట్టండి. అతను కనిపించే నాలుగు సెకన్లలో ప్రతి ఫ్రేమూ విడిగా, మళ్ళీ కంప్రెస్ కాకుండా వస్తుంది.

```
ffmpeg -ss 00:14:05 -i clip.mp4 -t 4 -fps_mode passthrough frame_%03d.png
```

తర్వాత మీ స్టాఫ్‌లో ఒప్పుకున్నవాళ్ళను ఓ ఆరుగురిని, అదే రాత్రి వేళ, అవే దీపాలు పెట్టి, అలాంటి టోపీతో, పెట్టె మోస్తూ అదే దారిలో నడవమనండి. వాళ్ళ స్టిల్స్ కూడా ఇలాగే తీసి, రెండు పోలికలు చేయండి. ఒకటి, ప్రతి ఒక్కరి స్టిల్‌ను ఆ మానేసిన అబ్బాయి ఫోటోతో. రెండు, ప్రతి ఒక్కరి స్టిల్‌ను వాళ్ళ సొంత ఐడీ ఫోటోతో. పాత స్టిల్ విషయంలో కూడా ఒక్క ఫ్రేమ్‌తో సరిపెట్టకుండా, వరుసగా ఓ పది ఫ్రేమ్‌లు వేసి చూడండి.

కెమెరా_కిరణ్ · మంగళవారం, రాత్రి 11:05

నాదో సందేహం. ఆ పది ఫ్రేమ్‌లను కలిపి సగటు తీస్తే ముఖం బాగుపడదా? అలా చేస్తారని విన్నాను.

పద్మజ_వి · మంగళవారం, రాత్రి 11:20

నంబర్ ప్లేటు లాంటి ఆకారం మారని, బల్లపరుపు వస్తువుకు బాగా పనికొస్తుంది. ముఖం ఒక్కో ఫ్రేమ్‌లో కొద్దిగా తిరుగుతుంది, నోరు కదులుతుంది. పైగా చాలా ఫ్రేమ్‌లు పూర్తిగా కొత్త చిత్రాలు కావు. ముందు ఫ్రేమ్‌లోంచి తెచ్చుకుని మారినంతవరకే దిద్దినవి, అందుకని అదే తప్పు పదిసార్లు రావచ్చు. మా ల్యాబ్‌లో దీని మీద ఇద్దరు సీనియర్లకు ఎప్పుడూ వాదన జరిగేది. కొన్ని కేసుల్లో లాభం చూశాను, కొన్నిట్లో చూడలేదు. మీ 18 పిక్సెల్స్ ముఖానికి లాభం ఉంటుందని నేను చెప్పలేను.

శ్రీధర్_గోడౌన్ · శుక్రవారం, ఉదయం 10:05

మొన్న రాత్రి ఆరుగురినీ నడిపించాను. నాగేశ్ కూడా పక్కనే ఉన్నాడు. ఫలితాలు ఉన్నవి ఉన్నట్టు రాస్తున్నాను.

ఆ మానేసిన అబ్బాయి ఫోటోతో పోలిస్తే ఆరుగురికీ వచ్చినవి 61, 64, 70, 73, 76, 81. 81 వచ్చింది మా వాచ్‌మన్‌కి. ఆయనకు యాభై దాటింది, గుండ్రని ముఖం, మీసం. ఆ అబ్బాయికి మీసమే లేదు.

సొంత ఫోటోలతో పోలిస్తే నలుగురికి 75 పైన వచ్చింది, ఇద్దరికి 68, 66. ఆ అబ్బాయి ఫోటోతో ఆ ఇద్దరికీ ఇంతకన్నా ఎక్కువే వచ్చింది, అంటే వాళ్ళు తమ సొంత ఫోటో కన్నా ఇంకొకరి ఫోటోకే దగ్గరగా ఉన్నారు.

ఆ రాత్రి రికార్డింగ్‌లోంచి పది ఫ్రేమ్‌లు తీసి అతని ఫోటోతో పోలిస్తే 58 నుంచి 74 దాకా ఎక్కడ పడితే అక్కడ ఉన్నాయి. అర సెకనులో అదే మనిషి అంత మారిపోయాడు. పది ఫ్రేమ్‌లలో నాలుగింటికి మొదటి పేరు వేరేవాళ్ళది. మీరు అన్నట్టే ఆ 78 వచ్చిన స్టిల్ సబ్ స్ట్రీమ్‌దే, 640 × 360.

ఇంకోటి. అతని ఐడీ ఫోటో తెరిచి చూస్తే, ఎవరో ఫోన్‌లో ప్రింటును మళ్ళీ ఫోటో తీసి పెట్టారు. మిగతావాటికన్నా మసకగా ఉంది.

నాగేశ్_పార్ట్‌నర్ · శుక్రవారం, ఉదయం 10:30

వాచ్‌మన్ పేరు వచ్చినప్పుడు నాకు నోట మాట రాలేదు. నేను ఆ అబ్బాయి గురించి ఇద్దరు ముగ్గురితో అన్నాను కూడా. ఇవాళ వాళ్ళకు ఫోన్ చేసి చెప్పాలి.

అయినా ఒకటి అడుగుతాను, తప్పుగా అనుకోకండి. ఇప్పుడు అతను కాదని తేలినట్టేనా?

పద్మజ_వి · శుక్రవారం, ఉదయం 11:15

తేలలేదు నాగేశ్ గారూ. ఆ స్టిల్‌తో అతను అని చెప్పలేం, కాదని కూడా చెప్పలేం. ఆరుగురితో చేసిన పరీక్షతో ఎన్నిసార్లకు ఒకసారి తప్పవుతుందనే లెక్క కూడా రాదు. ఈ కెమెరా, ఈ దూరం, ఈ వెలుతురులో ఆ అంకె మనుషుల్ని వేరు చేయలేకపోతోందని మాత్రం తెలిసింది. వాచ్‌మన్‌కు 81 వచ్చిన చోట 78కి విలువ ఇవ్వలేం.

ముఖం పోయినా స్టిల్‌లో మిగిలినవి ఉంటాయి. గుమ్మం ఎత్తుతో పోలిస్తే మనిషి పొడుగు ఎంత, చొక్కా మీద గీతలు, చెప్పులు, ఏ చేత్తో తలుపు తోశాడు. ఎత్తు కూడా కొన్ని సెంటీమీటర్లు అటూ ఇటూ ఉంటుంది, కానీ బాగా పొట్టిగానో పొడుగ్గానో ఉన్నవాళ్ళను పక్కన పెట్టడానికి పనికొస్తుంది. మీ ఇద్దరికీ తెలియని మనిషితో, పేర్లేవీ చెప్పకుండా, ఏం కనిపిస్తోందో ముందు రాయించండి.

రఘు_అడ్వకేట్ · శుక్రవారం, మధ్యాహ్నం 12:05

ఫిర్యాదు ఇచ్చేటప్పుడు రికార్డర్ నుంచి ఎక్స్‌పోర్ట్ చేసిన అసలు ఫైల్ ఇవ్వండి. ఎవరు, ఎప్పుడు, ఎలా తీశారో ఒక కాగితం మీద రాసి జతచేయండి. రికార్డర్ గడియారం అసలు టైముకి ఎంత తేడాలో ఉందో కూడా రాయండి. సాఫ్ట్‌వేర్ ఇచ్చిన పేరును మీ అంతట మీరు ముందుకు తేకండి. ఎవరైనా అడిగితే మాత్రం దాచకండి, ఈ పరీక్ష ఫలితాలు కూడా పక్కనే పెట్టండి.

శ్రీధర్_గోడౌన్ · శుక్రవారం, సాయంత్రం 5:40

ఫైల్ కాపీ చేశాను. రికార్డర్ గడియారం 7 నిమిషాలు ముందుంది. బయట గేటు కెమెరాలో అదే సమయానికి ఎవరైనా ఎదురుగా వచ్చారేమో చూద్దామని వెళ్ళాను. ఆ కెమెరా 2.4 మీటర్ల ఎత్తులోనే ఉంది, దారి కూడా సూటిగా దాని వైపే వస్తుంది. రికార్డింగ్ ఇంకా చెరగలేదు. కానీ 7 నిమిషాలు వెనక్కి జరిపి చూడాలా, ముందుకా? గేటుది వేరే రికార్డర్, దాని గడియారం ఇంకా సరిచూడలేదు.

కెమెరా_కిరణ్ · శుక్రవారం, సాయంత్రం 6:02

లోపలి రికార్డర్‌లో కనిపించిన టైములోంచి 7 నిమిషాలు తీసేయండి, అది అసలు టైము. గేటు రికార్డర్‌ను ఇప్పుడే మీ ఫోన్ టైముతో పక్కపక్కన పెట్టి ఫోటో తీసుకోండి. అది ముందుంటే ఆ తేడా కలపండి, వెనకుంటే తీసేయండి. అటూ ఇటూ పది నిమిషాలు ఎక్కువే ఎక్స్‌పోర్ట్ చేయండి. ఈసారి మెయిన్ స్ట్రీమ్ అని చూసి మరీ తీయండి.